కాంటెక్స్ట్ స్విచ్: అసలు ఖర్చు మార్పు ముగిశాకే మొదలవుతుంది

రెండు చిన్న ప్రాసెస్‌లు, వాటి మధ్య రెండు పైపులు. మొదటి ప్రాసెస్ ఒక పైపులో ఒక్క బైటు రాసి, రెండో పైపు దగ్గర జవాబు కోసం ఆగుతుంది. రెండో ప్రాసెస్ ఆ బైటు చదివి, జవాబుగా మరో బైటు రాసి, తనూ ఆగుతుంది. ఇదే మళ్లీ మళ్లీ. లెక్కలు లేవు, డిస్కు లేదు, నెట్‌వర్క్ లేదు. లినక్స్‌లో దీన్ని నడిపి చూపించే ఆదేశం సిద్ధంగానే ఉంది:

```
taskset -c 2 perf bench sched pipe
```

`taskset -c 2` అనే భాగం ఈ రెండు ప్రాసెస్‌లనూ 2వ నంబరు కోర్‌కే కట్టేస్తుంది. కాబట్టి ఒకటి నడవాలంటే రెండోది దిగక తప్పదు. ఇలా కోర్ మీది నుంచి ఒకదాన్ని దింపి మరోదాన్ని ఎక్కించడమే కాంటెక్స్ట్ స్విచ్. ఆదేశం 10 లక్షల సార్లు ఈ రాకపోకలు జరిపించి, ఒక్కో విడతకు ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో చెబుతుంది. ఇప్పటి సర్వర్లలో సాధారణంగా అది కొన్ని మైక్రోసెకన్లు ఉంటుంది. ఒక విడతలో నాలుగు సిస్టమ్ కాల్స్, రెండు కాంటెక్స్ట్ స్విచ్‌లు జరుగుతాయి.

కొన్ని మైక్రోసెకన్లంటే చాలా తక్కువగా వినిపిస్తుంది. కానీ 3 గిగాహెర్ట్జ్ కోర్‌కు ఒక మైక్రోసెకను అంటే 3,000 సైకిళ్లు. ఒక బైటును ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడానికి పట్టేవి వాటిలో పిడికెడు. మిగతావన్నీ ఎటు పోతున్నాయో తెలియాలంటే మొదటి ప్రాసెస్ `read` అని పిలిచిన క్షణం నుంచి, రెండో ప్రాసెస్ తన తర్వాతి ఆదేశం అందుకునే క్షణం దాకా వెంట నడవాలి. ఇక్కడ చెప్పేదంతా ఇంటెల్, ఏఎండీ 64 బిట్ ప్రాసెసర్ల మీద లినక్స్ నడిచే తీరు. మిగతా ప్రాసెసర్లలో పేర్లు, వివరాలు మారతాయి కానీ దారి దాదాపు ఇదే. మన రెండు ప్రాసెస్‌లను రాము, సోము అందాం.

కెర్నల్ గడప దాటడం

రాము తన బైటు రాసేసి `read` పిలిచింది. ఇది `syscall` అనే ఒకే ఒక మెషిన్ ఆదేశంగా మారుతుంది. ఆ ఆదేశం రాగానే ప్రాసెసర్ తిరిగి రావాల్సిన చిరునామాను `rcx`లో, ఫ్లాగులను `r11`లో దాచి, కెర్నల్ చెప్పి ఉంచిన చిరునామాకు దూకుతుంది. అక్కడి కెర్నల్ కోడ్ ముందుగా స్టాకు మారుస్తుంది. లినక్స్‌లో ప్రతి థ్రెడ్‌కూ తన మామూలు స్టాకు కాకుండా కెర్నల్‌లో వాడుకోవడానికి మరో స్టాకు ఉంటుంది. ఈ ప్రాసెసర్ల మీద దాని పరిమాణం 16 కిలోబైట్లు. రాము రిజిస్టర్లన్నీ ఆ కెర్నల్ స్టాకు మీదికి చేరతాయి. మొత్తం 21 విలువలు, ఒక్కోటి 8 బైట్లు, అంటే 168 బైట్లు.

ఇక్కడిదాకా కాంటెక్స్ట్ స్విచ్ జరగనే లేదు. ఇంకా నడుస్తున్నది రామే; కాకపోతే దాని తరఫున కెర్నల్ కోడ్ నడుస్తోంది. చాలామంది ఈ రెంటినీ ఒకటిగా కలిపేస్తారు. సిస్టమ్ కాల్ వల్ల ప్రాసెసర్ అధికార స్థాయి మారుతుంది, ప్రాసెస్ మారదు. పైపులో బైటు సిద్ధంగా ఉంటే కెర్నల్ దాన్ని రాముకు అందించి ఇటునుంచి ఇటే వెనక్కు పంపేస్తుంది.

మన కేసులో పైపు ఖాళీగా ఉంది. కెర్నల్ రామును ఆ పైపు తాలూకు ఎదురుచూపుల వరుసలో చేర్చి, దాని స్థితిని 'నిద్ర'గా మార్చి, `schedule()` అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఈ పిలుపు కోసం ఏ టైమరూ మోగలేదు, ఎవరూ రామును బలవంతంగా దింపలేదు. తనకు ఇక చేసే పని లేక తానే దిగింది. ఇలాంటిదాన్ని స్వచ్ఛంద స్విచ్ అంటారు. పని ఉండగానే వంతు అయిపోయిందని, లేదా ముందు నడవాల్సిన ప్రాసెస్ మరొకటి వచ్చిందని దింపేస్తే అది బలవంతపు స్విచ్. ఈ తేడా తర్వాత పనికొస్తుంది.

ఎవరిని ఎక్కించాలి?

`schedule()` చేసే మొదటి పని ఎంపిక. రాము ఇంతసేపు వాడుకున్న సమయాన్ని దాని ఖాతాలో రాసి, నడవడానికి సిద్ధంగా ఉన్నవాటిలోంచి ఒకదాన్ని తీస్తుంది. 2007 నుంచి సీఎఫ్ఎస్ అనే షెడ్యూలర్ ఈ పని చేసింది. 2023లో వచ్చిన 6.6 కెర్నల్ నుంచి ఈఈవీడీఎఫ్ చేస్తోంది. రెండూ సిద్ధంగా ఉన్న ప్రాసెస్‌లను రెడ్-బ్లాక్ ట్రీలో ఉంచుతాయి. షెడ్యూలర్ న్యాయం గురించి ఎంతైనా రాయవచ్చు కానీ మన కేసులో వెతకడానికి ఏమీ లేదు. రాము ఇందాక బైటు రాసినప్పుడే కెర్నల్ సోమును నిద్రలేపి ఈ కోర్ వరుసలో పెట్టింది. వరుసలో ఉన్నది అదొక్కటే.

ఎంపిక అయ్యాక అసలు మార్పు రెండు అంగల్లో జరుగుతుంది. ముందు చిరునామాల లోకం మారుతుంది, తర్వాత స్టాకు మారుతుంది.

ప్రతి ప్రాసెస్‌కూ తన పేజీ టేబుల్ ఉంటుంది. ప్రోగ్రాం వాడే చిరునామా అసలు మెమరీలో ఎక్కడ ఉందో చెప్పేది అదే. ప్రాసెసర్ ప్రస్తుతం ఎవరి పేజీ టేబుల్ చూడాలో `CR3` అనే రిజిస్టర్‌లో రాసి ఉంటుంది. అక్కడ రాము టేబుల్ చిరునామా తీసి సోము టేబుల్ చిరునామా రాస్తే చాలు, లోకమంతా మారిపోతుంది. మరి ఆ రాతకు మరుక్షణం అమలు కావాల్సిన ఆదేశం ఏ లోకంలో ఉంటుంది? ఇది న్యాయమైన ప్రశ్న. కెర్నల్ భాగం ప్రతి ప్రాసెస్ పేజీ టేబుల్‌లోనూ ఒకే చిరునామాల దగ్గర ఉండేలా అమర్చారు కాబట్టే కెర్నల్ కోడ్ తన కాళ్ల కింది నేల మార్చుకున్నా పడిపోదు. అప్పటికి రాము కెర్నల్ స్టాకు మీదే నడుస్తున్నా, ఆ స్టాకు కూడా ఆ ఉమ్మడి భాగంలోనే ఉంటుంది కాబట్టి కొత్త లోకంలోనూ కనిపిస్తూనే ఉంటుంది.

ఒకే ప్రాసెస్‌లోని రెండు థ్రెడ్ల మధ్య మార్పయితే ఈ అంగ అక్కర్లేదు. ఇద్దరిదీ ఒకే పేజీ టేబుల్ కనుక `CR3`ను ముట్టుకోరు. కెర్నల్ సొంత థ్రెడ్లకూ ఇదే సౌకర్యం ఉంది. వాటికి తమదంటూ ప్రోగ్రాం మెమరీ ఉండదు కాబట్టి అంతకు ముందు నడిచినవారి పేజీ టేబుల్‌నే అరువుకు వాడుకుంటాయి.

ఒకరి పేరుతో లోపలికి, ఇంకొకరి పేరుతో బయటికి

ఇప్పుడు రెండో అంగ. కాంటెక్స్ట్ స్విచ్‌లో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇక్కడి కొన్ని వరుసలే. లినక్స్‌లో దీని పేరు `__switch_to_asm`. మధ్యలో భద్రత కోసం చేర్చిన ఒకటి రెండు వరుసలు పక్కన పెడితే దాని ఆకారం ఇది:

```
pushq %rbp
pushq %rbx
pushq %r12
pushq %r13
pushq %r14
pushq %r15
movq  %rsp, TASK_threadsp(%rdi)
movq  TASK_threadsp(%rsi), %rsp
popq  %r15
popq  %r14
popq  %r13
popq  %r12
popq  %rbx
popq  %rbp
jmp   __switch_to
```

`rdi`లో రాము వివరాలున్న చిరునామా, `rsi`లో సోము వివరాలున్న చిరునామా ఉంటాయి. మొదటి ఆరు వరుసలు ఆరు రిజిస్టర్లను రాము కెర్నల్ స్టాకు మీదికి నెడతాయి. ఏడో వరుస, ఆ స్టాకు కొస ఇప్పుడు ఎక్కడుందో రాము వివరాల్లో రాసుకుంటుంది. ఎనిమిదో వరుస, సోము గతంలో దిగిపోయినప్పుడు రాసుకున్న స్టాకు కొసను తెచ్చి `rsp`లో పెడుతుంది. అంతే, మనిషి మారిపోయాడు. తర్వాతి ఆరు వరుసలూ సోము స్టాకు మీంచి సోము రిజిస్టర్లను తీసుకుంటాయి.

ఆరే ఎందుకు? మొత్తం పదహారు సాధారణ రిజిస్టర్లుంటే మిగతావి ఏమయ్యాయి? రాము సొంత ప్రోగ్రాంలో వాడుకున్న విలువలన్నీ గడప దాటినప్పుడే, ఆ 168 బైట్లలో, భద్రమయ్యాయి. ఇప్పుడు దాచాల్సింది కెర్నల్ కోడ్ తన పని మధ్యలో వాడుకుంటున్న విలువలు మాత్రమే. ఒక ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు ఏ రిజిస్టర్లు పిలిచినవారు దాచుకోవాలి, ఏవి పిలుపందుకున్నవారు చెడకుండా చూడాలి అన్నది కంపైలర్లన్నీ పాటించే ఒప్పందం. రెండో రకం ఈ ఆరే. మొదటి రకాన్ని కంపైలర్ ముందే చూసుకుంది. స్టాకు కొస `rsp` సంగతి ఏడో వరుసలోనే తేలిపోయింది.

ఇంకా విచిత్రం, తర్వాత ఎక్కడి నుంచి అమలు చేయాలన్న చిరునామాను ఎవరూ విడిగా దాచలేదు. అవసరం లేదు. ఫంక్షన్‌ను పిలిచినప్పుడే తిరిగి వెళ్లాల్సిన చిరునామా స్టాకు మీద పడింది. స్టాకు మారింది కాబట్టి చివర్లో వచ్చే `ret` ఆదేశం సోము స్టాకు మీదున్న చిరునామా తీసుకుంటుంది. రాము పిలిచిన ఫంక్షన్ సోముగా తిరిగి వెళ్తుంది. రాము తరఫున చూస్తే, తాను పిలిచిన `schedule()` ఎప్పుడో, సోము మళ్లీ నిద్రపోయాక, ఏమీ జరగనట్టు తిరిగి వస్తుంది.

మరి అప్పుడే పుట్టిన ప్రాసెస్ ఎప్పుడూ దిగిపోలేదు కదా, దాని స్టాకు మీద ఏముంటుంది? `fork` సమయంలో కెర్నల్ దాని స్టాకు మీద, అది ఇంతకు ముందు ఎప్పుడో దిగిపోయినట్టు, ఒక కల్పిత చట్రం అమరుస్తుంది. తిరిగి వెళ్లాల్సిన చిరునామా స్థానంలో కొత్త ప్రాసెస్ మొదలవ్వాల్సిన కోడ్ చిరునామా ఉంటుంది. మార్చే కోడ్‌కు పాత ప్రాసెస్‌కూ కొత్తదానికీ తేడాయే తెలియదు.

ఆపై `__switch_to` మిగిలిన సర్దుబాట్లు చేస్తుంది. థ్రెడ్ సొంత డేటాను చూపించే `FS` ఆధారాన్ని మారుస్తుంది, ఈ కోర్ మీద ఇప్పుడు నడుస్తున్నది సోము అని నమోదు చేస్తుంది, దశాంశ లెక్కల రిజిస్టర్లను దాస్తుంది. చివరిది చిన్న విషయం కాదు. పాత తరహా స్థితి 512 బైట్లే. వీడియోలకూ శాస్త్రీయ లెక్కలకూ వాడే ఏవీఎక్స్-512 వెడల్పాటి రిజిస్టర్లు కూడా కలిస్తే రెండున్నర కిలోబైట్లు దాటుతుంది. ప్రోగ్రాం వాడని భాగాలను ప్రాసెసర్ రాయకుండా వదిలేస్తుంది కాబట్టి మన రాము, సోముల విషయంలో ఈ ఖర్చు తక్కువే.

ఒకప్పుడు కెర్నల్ ఈ దశాంశ రిజిస్టర్లను మార్పు సమయంలో ముట్టుకునేదే కాదు. కొత్త ప్రాసెస్ వాటిని నిజంగా వాడబోయినప్పుడు మాత్రమే మార్చేది. రిజిస్టర్లు పెద్దవై, దాదాపు ప్రతి ప్రోగ్రాం వాటిని వాడడం మొదలయ్యాక ఆ పొదుపులో అర్థం లేకపోయింది. పైగా పాతవారి విలువలు అలా మిగిలి ఉండటాన్ని ఆసరా చేసుకుని వాటిని దొంగిలించవచ్చని 2018లో బయటపడింది. లినక్స్ అప్పటికే ఆ పద్ధతి మానుకుంది.

ఇక మిగిలింది సోము తన కెర్నల్ పని ముగించుకుని, 168 బైట్లలోంచి తన రిజిస్టర్లు తీసుకుని, గడప దాటి బయటికి రావడం. `read` పిలుపుకు జవాబుగా ఒక బైటు అందింది.

కనిపించే ఖర్చు

పైన చెప్పిన మెట్లన్నీ కలిపితే వచ్చేది నేరుగా కనిపించే ఖర్చు. మార్చే ఆ పదిహేను వరుసలు చాలా చవక. ఎక్కువ భాగం వాటి చుట్టూ ఉన్న పనికే పోతుంది. గడప దాటడం, ఎదురుచూపుల వరుసలు, తాళాలు, షెడ్యూలర్ ఖాతాలు, `CR3` మార్పు. 2018 జనవరిలో ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే భద్రతా లోపాలు బయటపడ్డాక వీటి మీద మరికొంత భారం పడింది. మెల్ట్‌డౌన్ తగిలే ప్రాసెసర్ల మీద కెర్నల్, ప్రోగ్రాం వేర్వేరు పేజీ టేబుళ్లు వాడాల్సి వచ్చింది. అంటే ప్రాసెస్ మారకపోయినా, గడప దాటిన ప్రతిసారీ `CR3` మారుతుంది. ఆ లోపం లేని కొత్త ప్రాసెసర్లలో ఈ భారం లేదు. అందుకే ఒకే కెర్నల్ రెండు యంత్రాల మీద వేర్వేరు అంకెలు చూపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

పైపు పరీక్ష కొలిచేది ఇదే. ఆ అంకె పట్టుకుని "మా యంత్రం మీద కాంటెక్స్ట్ స్విచ్ ఖర్చు ఒకటిన్నర మైక్రోసెకన్లు" అని తేల్చేస్తే మాత్రం తప్పు దారి పట్టినట్టే. రాము, సోము ఇద్దరూ చాలా చిన్నవాళ్లు. ఇద్దరి సామానూ కోర్ క్యాష్‌లో పక్కపక్కనే పట్టేస్తుంది, ఒకరి వల్ల ఇంకొకరికి ఏదీ పోదు. ఈ పరీక్ష చూపించేది ఖర్చులో అడుగు మట్టం మాత్రమే.

`taskset` లేకుండా నడిపితే ఇంకో రకంగా దారి తప్పుతుంది. అప్పుడు రాము ఒక కోర్ మీద, సోము మరో కోర్ మీద ఉండవచ్చు. రాము ఆగినప్పుడు దాని కోర్ సోముకు మారదు, ఖాళీ స్థితికి పోతుంది. జవాబు వచ్చాక అవతలి కోర్ నుంచి దీనికి కబురు రావాలి, కోర్ విద్యుత్ ఆదా నిద్ర నుంచి లేవాలి. అంకె అప్పుడు తరచూ పెద్దదవుతుంది కానీ అది కొలిచేది కోర్ నిద్రలేచే ఆలస్యాన్ని.

తర్వాత పడే ఖర్చు

రాము చిన్న ప్రాసెస్ కాకుండా, పెద్ద హాష్ టేబుల్ పెట్టుకుని పనిచేసే డేటాబేస్ థ్రెడ్ అనుకుందాం. సోము మరో ప్రాసెస్, దానికీ తన పెద్ద టేబుల్ ఉంది. సోము కాసేపు నడిచాక రాము తిరిగి వచ్చింది. రిజిస్టర్లన్నీ యథాతథంగా ఉన్నాయి, లెక్కలో ఒక్క బిట్ తేడా లేదు. కానీ ప్రాసెసర్ లోపలి క్యాష్‌లు సోము సామానుతో నిండి ఉన్నాయి. మన వంటింట్లో ఇంకొకరు వారం రోజులు వండి వెళ్లాక అడుగుపెట్టినట్టు ఉంటుంది. ఏదీ పోలేదు, కానీ చేతికందే ఎత్తులో ఉండాల్సిన ఉప్పు డబ్బా కూడా అటక ఎక్కి దించుకోవాలి.

దీన్ని అంకెల్లో చూద్దాం. చాలా ఇంటెల్ కోర్లలో మొదటి స్థాయి డేటా క్యాష్ 32 కిలోబైట్లు. ఒక్కో వరుస 64 బైట్లు కాబట్టి మొత్తం 512 వరుసలు. అక్కడ ఉన్న డేటా 4, 5 సైకిళ్లలో చేతికొస్తుంది. అక్కడ లేకపోయినా మూడో స్థాయి క్యాష్‌లో ఉంటే సుమారు 40 సైకిళ్లు. అక్కడా లేక ప్రధాన మెమరీకి వెళ్లాల్సి వస్తే 80 నానోసెకన్ల చుట్టుపక్కల.

రాము మళ్లీ తన 512 వరుసలనూ నింపుకోవాలి. అన్నీ మూడో స్థాయిలో దొరికాయనుకుంటే 512ను 40తో హెచ్చించగా 20,480 సైకిళ్లు. 3 గిగాహెర్ట్జ్ వేగంతో అది దాదాపు 7 మైక్రోసెకన్లు. ప్రధాన మెమరీ నుంచే తేవాల్సి వస్తే 512 సార్లు 80 నానోసెకన్లు, అంటే 41 మైక్రోసెకన్లు. ఇది ఒకదాని తర్వాత ఒకటి తెచ్చుకుంటే వచ్చే లెక్క. నిజానికి ప్రాసెసర్ ఒకేసారి చాలా వరుసలకు కబురు పెడుతుంది, వరుసగా ఉన్న డేటాను ముందే ఊహించి తెచ్చుకుంటుంది కాబట్టి అసలు నష్టం ఇంతకన్నా తక్కువ. కానీ హాష్ టేబుల్, లింక్డ్ లిస్ట్ లాంటి చోట్ల తర్వాత ఎక్కడికి వెళ్లాలో ముందు తెచ్చిన డేటా చూస్తే తప్ప తెలియదు. అక్కడ ఈ లెక్క నిజానికి దగ్గరగా వస్తుంది. ఇంకా మనం మొదటి స్థాయినే లెక్కవేశాం. అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన రెండో స్థాయి క్యాష్ సంగతి ఇందులో లేదు.

రాచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన లీ, డింగ్, షెన్ 2007లో దీన్ని జాగ్రత్తగా కొలిచారు. వారి యంత్రం మీద నేరుగా కనిపించే ఖర్చు 3.8 మైక్రోసెకన్లు. ప్రాసెస్‌లు వాడే డేటా పరిమాణాన్ని, దాన్ని తాకే తీరును మార్చుతూ పోతే మొత్తం ఖర్చు కొన్ని మైక్రోసెకన్ల నుంచి వెయ్యి మైక్రోసెకన్లు దాటేదాకా పోయింది. ఆ యంత్రం పాతది, అంకెలు నేటికి సరిపోవు. కానీ ఒకే స్విచ్ ఖర్చు డేటాను బట్టి అన్ని రెట్లు మారగలదన్న సంగతి నేటికీ నిజమే. అందుకే స్విచ్‌కు ఒక స్థిరమైన ధర చెప్పడం సరికాదని నా అభిప్రాయం.

క్యాష్‌తో పాటు చల్లబడేది టీఎల్‌బీ. పేజీ టేబుల్ నాలుగు అంతస్తుల నిర్మాణం. ప్రతి చిరునామాకూ ఆ నాలుగు అంతస్తులూ దిగడం కుదరదు కనుక ప్రాసెసర్ ఇటీవలి జవాబులను టీఎల్‌బీ అనే చిన్న పట్టికలో ఉంచుకుంటుంది. ఇంటెల్ స్కైలేక్‌లో డేటా కోసం మొదటి పట్టికలో 64 చోట్లు, రెండోదానిలో 1,536 చోట్లు ఉన్నాయి. పూర్వం `CR3` మార్చగానే ఈ పట్టికల్లో ప్రోగ్రాంకు చెందినవన్నీ చెరిగిపోయేవి. రాము జవాబులు సోముకు తప్పుడు దారి చూపిస్తాయి కాబట్టి చెరపక తప్పేది కాదు.

దీనికి విరుగుడు ఇంటెల్ 2010 నాటికే ప్రాసెసర్లలో పెట్టింది. పీసీఐడీ అనే 12 బిట్ల గుర్తు ప్రతి జవాబుకూ తగిలిస్తే ఏది ఎవరిదో తెలిసిపోతుంది, చెరపనక్కర్లేదు. లినక్స్ దాన్ని వాడుకోవడం 2017లో వచ్చిన 4.14 కెర్నల్‌తో మొదలైంది. 12 బిట్లంటే 4,096 గుర్తులు సాధ్యమైనా లినక్స్ ఒక్కో కోర్ మీద ఆరు ప్రాసెస్‌లనే గుర్తుపెట్టుకుంటుంది. కొద్ది నెలలకే మెల్ట్‌డౌన్ బయటపడి, ప్రతి సిస్టమ్ కాల్‌కూ `CR3` మార్చాల్సి వచ్చినప్పుడు ఈ ఏర్పాటే ఆ భారాన్ని భరించగలిగేలా చేసింది. అయితే గుర్తులున్నంత మాత్రాన పట్టికలో చోట్లు పెరగవు. సోము ఎక్కువ పేజీలు తాకితే రాము జవాబులు ఎలాగూ బయటికి పోతాయి.

ఇది కాక, కోడ్‌లో ఏ మలుపు ఎటు తిరుగుతుందో ఊహించే యూనిట్ కూడా సోము అలవాట్లు నేర్చుకుని ఉంటుంది. రాము కొంతసేపు తప్పుడు ఊహల మూల్యం చెల్లిస్తుంది.

ఈ ఖర్చులన్నిటిలో ఒక చిక్కు ఉంది. ఇవి ఎక్కడా 'కాంటెక్స్ట్ స్విచ్' అన్న పేరుతో కనిపించవు. రాము తిరిగి వచ్చి తన సొంత కోడ్ నడుపుతూ మెమరీ కోసం ఆగుతుంది. ఆ సమయమంతా రాము పని ఖాతాలోనే పడుతుంది. ప్రొఫైలర్‌లో చూస్తే హాష్ టేబుల్ వెతికే ఫంక్షన్ నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ ఫంక్షన్‌ను గంటల తరబడి చెక్కినా ఫలితం ఉండదు, ఎందుకంటే లోపం అందులో లేదు.

ఒక సర్వర్‌లో ఎలా పట్టుకోవాలి?

ఎనిమిది కోర్ల సర్వర్. దాని మీద ఆర్డర్లు తీసుకునే 400 థ్రెడ్ల అప్లికేషన్ ఒకటి నడుస్తోందనుకుందాం. ఆర్డర్లు పెరిగేకొద్దీ వేగం పెరగడం లేదు. `vmstat 1` నడిపితే `cs` అనే గడిలో సెకనుకు 2,40,000 కనిపించింది. మొదటి వరుసను పట్టించుకోకూడదు, అది యంత్రం మొదలైనప్పటి నుంచి సగటు. రెండో వరుస నుంచి చూడాలి. ఈ లెక్కలో కోర్ ఖాళీ స్థితికి పోయి రావడాలు కూడా కలిసి ఉంటాయి కాబట్టి, కోర్లన్నీ బిజీగా ఉన్నాయో లేదో పక్కనున్న `id` గడిలో చూసుకోవాలి. ఇక్కడ `id` సున్నాకు దగ్గరగా ఉంది.

2,40,000ను ఎనిమిది కోర్లకు పంచితే ఒక్కోదానికి సెకనుకు 30,000. అంటే సగటున 33 మైక్రోసెకన్లకు ఒక మార్పు. నేరుగా పడే ఖర్చు ఒకటిన్నర, క్యాష్ వేడెక్కడానికి నాలుగు వేసుకుందాం. ఇవి ఒకే ప్రాసెస్ థ్రెడ్లు కాబట్టి `CR3` మారదు, నాలుగు ఉదారమైన అంచనా కాదు, అలాగని భయపెట్టేదీ కాదు. మొత్తం అయిదున్నర మైక్రోసెకన్లు. 33లో అయిదున్నర, అంటే ఆరో వంతు. ఎనిమిది కోర్లు కొని ఒక కోర్‌కు పైగా మార్పులకే వదులుకున్నట్టు. ఇందులో ఒకటిన్నర మాత్రమే `vmstat`లో కెర్నల్ సమయం చూపించే `sy` గడిలో పడుతుంది. మిగతా నాలుగూ `us` గడిలో, ప్రోగ్రాం సొంత పనిలా, కూర్చుంటాయి.

ఎందుకు జరుగుతోందో తెలియాలంటే ఇందాకటి స్వచ్ఛంద, బలవంతపు తేడా కావాలి. TID చోట థ్రెడ్ నంబరు, PID చోట ప్రాసెస్ నంబరు పెట్టి ఆ లెక్క ఇలా చూడవచ్చు:

```
grep ctxt /proc/TID/status
pidstat -wt -p PID 1
```

`nonvoluntary_ctxt_switches` వేగంగా పెరుగుతుంటే థ్రెడ్లకు పని ఉంది, కోర్లు చాలడం లేదు. లెక్కలు చేసే థ్రెడ్లను కోర్ల సంఖ్యకు దగ్గరగా తగ్గించడం మేలు. `voluntary_ctxt_switches` పెరుగుతుంటే థ్రెడ్లు దేనికోసమో ఆగుతున్నాయి. అది డిస్కో, నెట్‌వర్కో అయితే సహజమే. రెండూ కాకపోతే తాళం అయ్యే అవకాశం ఎక్కువ.

మన కేసులో రెండో రకమే పెరుగుతోంది. 400 థ్రెడ్లూ ఒకే కౌంటర్‌ను కాపాడే ఒకే తాళం దగ్గర చేరుతున్నాయి. తాళం పట్టుకుని చేసే పని అర మైక్రోసెకను కూడా లేదు. కానీ దొరకనివాళ్లంతా నిద్రపోతున్నారు. ఒకరు వదలగానే మరొకరిని లేపాలి, లేచినవారు అర మైక్రోసెకను పనిచేసి, కాస్త ముందుకు పోయి మళ్లీ అదే తాళం దగ్గర నిద్రపోతారు. అర మైక్రోసెకను పనికి అయిదున్నర మైక్రోసెకన్ల రవాణా ఛార్జీ. థ్రెడ్లను 400 నుంచి 800కు పెంచితే వరుస పొడవు పెరుగుతుంది తప్ప పని పెరగదు. థ్రెడ్లను తగ్గించి, కౌంటర్‌ను కోర్‌కు ఒకటి చొప్పున విడదీసి, అప్పుడప్పుడు కలుపుకుంటే `cs` గడి పడిపోతుంది, `us` గడిలోని సమయం నిజమైన పనికి మిగులుతుంది.

మార్పు నిజంగా పనిచేసిందో లేదో `cs` ఒక్కటే చూసి తేల్చకూడదు. ముందూ తర్వాతా ఇది కూడా నడపాలి:

```
perf stat -e context-switches,cpu-migrations,cycles,instructions,dTLB-load-misses -p PID -- sleep 10
```

ఇందులో సైకిల్‌కు ఎన్ని ఆదేశాలు పూర్తయ్యాయన్నది కీలకం. స్విచ్‌లు తగ్గి ఈ నిష్పత్తి పెరిగితే, పోయిన ఆ నాలుగు మైక్రోసెకన్లు వెనక్కి వచ్చాయన్నమాట. `cpu-migrations` ఎక్కువగా ఉంటే అది వేరే జబ్బు. థ్రెడ్ ఒక కోర్ నుంచి మరో కోర్‌కు వలస పోతే మొదటి రెండు స్థాయిల క్యాష్, టీఎల్‌బీ, అన్నీ పాత కోర్ మీదే ఉండిపోతాయి.

నిద్రపోవాలా, మేలుకునే ఎదురుచూడాలా అన్నది కూడా ఈ లెక్కతోనే తేలుతుంది. ఎదురుచూసే కాలం దిగిపోవడానికి, మళ్లీ ఎక్కడానికి పట్టే కాలం కన్నా తక్కువైతే, కోర్ వదలకుండా అక్కడే తిరుగుతూ ఉండటం చవక. లినక్స్ కెర్నల్ లోపల వాడే మ్యూటెక్స్ అనే తాళం ఇదే చేస్తుంది. తాళం పట్టుకున్నవారు వేరే కోర్ మీద ఇంకా నడుస్తూనే ఉన్నారా అని చూస్తుంది. నడుస్తుంటే త్వరలోనే వదులుతారని కాసేపు తిరుగుతుంది. వారే నిద్రపోయి ఉంటే తానూ నిద్రపోతుంది. ఎన్‌వీఎంఈ డిస్కు నుంచి చదవడానికి పట్టే వంద మైక్రోసెకన్ల దగ్గర మాత్రం తిరగడంలో అర్థం లేదు. ఆ వ్యవధిలో రెండు మార్పుల ఖర్చూ పోగా 80 మైక్రోసెకన్లకు పైగా వేరొకరి పనికి మిగులుతాయి.